మందుల షాపు నిబంధనలు వచ్చిన దారి

బ్రిటిష్ పాలనలో చాలాకాలం మందులమ్మడానికి దుకాణం ఉంటే సరిపోయేది. అమ్మేవాడికి చదువుందా, సీసాలో ఉన్నది అసలు మందేనా అని అడిగే ప్రత్యేక చట్టం లేదు. మలేరియాకు వాడే క్వినైన్ కూడా కల్తీ అవుతున్నదన్న ఆందోళన పెరిగాక, ప్రభుత్వం 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన విచారణ కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫార్సులే 1940 నాటి డ్రగ్స్ చట్టానికి, 1945 నాటి నిబంధనలకు పునాది.

లైసెన్సు వాటితోనే వచ్చింది. ఇప్పుడు చిల్లర షాపు పెట్టాలంటే మామూలు మందులకు ఫారం 20, ఇన్సులిన్, టీకాల వంటి వాటికి ఫారం 21 లైసెన్సు కావాలి. చిన్న షాపువాళ్లు కూడా సాధారణంగా రెండూ తీసుకుంటారు. ఒకప్పుడు గడువు తీరగానే రెన్యువల్ చేయించుకోవాల్సి వచ్చేది. 2017 సవరణ తర్వాత, ఐదేళ్లకోసారి రుసుము కడుతూ ఉంటే, రద్దు చేసేదాకా లైసెన్సు చెల్లుతుంది.

గదికీ కొలత వచ్చింది. చిల్లర షాపుకు కనీసం 10 చదరపు మీటర్లు, అంటే సుమారు 108 చదరపు అడుగులు ఉండాలి. హోల్‌సేల్ కూడా కలిపితే 15 చదరపు మీటర్లు. ఇన్సులిన్ అమ్మేచోట 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే ఫ్రిజ్ తప్పదు.

మనిషి విషయంలోనే చట్టం చాలా నెమ్మదిగా నడిచింది. 1948 ఫార్మసీ చట్టం రిజిస్టరు మొదలుపెట్టింది కానీ, చదువుకున్న ఫార్మసిస్టులు అప్పట్లో తక్కువ. అందుకే 1969 డిసెంబరు 31 నాటికి ఆమోదం పొందిన అనుభవజ్ఞులనూ అర్హులుగానే లెక్కించారు. డాక్టరు చీటీపై మందు ఇవ్వడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే చెల్లుతుందన్న 42వ సెక్షన్ 1984లో గానీ అమల్లోకి రాలేదు. సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతూ, దాని యజమాని ఇంకో ఊళ్లో ఉద్యోగం చేసుకునే అద్దె పద్ధతి మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆ లోటు బయటపడేది రికార్డుల్లోనే. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 మందులకు వేరే రిజిస్టరు పెట్టాలి. ఒకరు నిద్రకు అల్ప్రాజొలామ్ పది మాత్రలు కొన్నారనుకుందాం. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని మాత్రలు ఇచ్చారు అన్నవి అందులో ఎక్కించి, మూడేళ్లు భద్రపరచాలి. చీటీపై ఇచ్చిన మందు బిల్లులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఫార్మసిస్టు సంతకం ఉండాలి. ఇన్‌స్పెక్టరు కొనుగోలు బిల్లుల్లోని మాత్రల నుంచి రిజిస్టరులో అమ్మినవి తీసేసి, అరలో మిగిలినవి లెక్కపెడతాడు. లెక్క తేలకపోతే చీటీ లేకుండా అమ్మారన్న అనుమానం వస్తుంది. ఫార్మసిస్టు షాపులో లేని రోజున కూడా బిల్లు మీద ఆయన సంతకం ఉంటే, అద్దె సర్టిఫికెట్ దొరికిపోయినట్టే.

కొత్తగా షాపు పెట్టేవారు ముందు పూర్తిసమయం ఉండే ఫార్మసిస్టును కుదుర్చుకుని, ఆ తర్వాతే గదికి అడ్వాన్సు ఇవ్వడం మంచిది.