శోధనకు ముందు ప్రశ్నల పునర్లేఖనం

మాట్లాడే ధోరణిలో అడిగిన పొడవాటి ప్రశ్నను, పత్రాల్లో వెతకడానికి ముందు, కొద్ది పదాల శోధన ప్రశ్నగా మార్చడాన్ని ప్రశ్న పునర్లేఖనం అంటారు. ఇందులో రెండు పనులున్నాయి. అక్కరలేని మాటలు తీసేయడం ఒకటి, అడిగినవాళ్లు చెప్పకుండా వదిలేసిన మాటలు చేర్చడం రెండోది. కంప్యూటర్ శోధనలో మొదటిదానికి చరిత్ర ఎక్కువ. రెండోది ప్రధాన సమస్యగా ముందుకొచ్చింది 2019 ప్రాంతంలోనే.

యంత్రాలకు ముందు

ఈ పనిని మొదట చేసింది లైబ్రేరియన్లు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ టేలర్ 1968లో రాసిన వ్యాసంలో సమాచార అవసరాన్ని నాలుగు దశలుగా విడదీశాడు. మనసులో ఇంకా మాటకు అందని అవసరం మొదటిది. అస్పష్టంగా తెలిసివచ్చే అవసరం రెండోది, సరైన వాక్యంగా కుదిరినది మూడోది. గ్రంథాలయంలో ఏం దొరుకుతుందో ఊహించి, దానికి తగ్గట్టు సర్దుకుని అడిగిన ప్రశ్న నాలుగోది. పాఠకుడు బల్ల దగ్గరికొచ్చి అడిగేది సాధారణంగా ఈ నాలుగోదే. మంచి లైబ్రేరియన్ నాలుగు మాటలు కలిపి, వెనక్కి నడిచి, అసలు అవసరాన్ని పట్టుకునేవాడు.

1970లలో మెడ్‌లైన్ వంటి ఆన్‌లైన్ డేటాబేసులు వచ్చాక ఆ సంభాషణకు ఖరీదు కూడా తోడైంది. కనెక్షన్ ఉన్నంతసేపూ డబ్బు పడేది కాబట్టి, శిక్షణ పొందిన మధ్యవర్తి పరిశోధకుణ్ణి ముందే కూర్చోబెట్టి మాట్లాడి, శోధన పదాలను కాగితం మీద ఖరారు చేసుకుని అప్పుడు టెర్మినల్ ముందుకు వెళ్లేవాడు.

పొడుగు ప్రశ్నతో చిక్కు

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 1992లో ట్రెక్ అనే వార్షిక శోధన పోటీలు మొదలుపెట్టింది. అక్కడ ఇచ్చే అంశానికి రెండుమూడు పదాల శీర్షిక, పూర్తి వాక్యంలో వివరణ, సంబంధిత పత్రమంటే ఏదో చెప్పే పేరా ఉండేవి. ఒకే అవసరానికి పొట్టి రూపం, పొడుగు రూపం పక్కపక్కనే దొరకడంతో రెండిటినీ పోల్చి చూసే వీలు కలిగింది. ఎక్కువ సమాచారమున్న పొడుగు వాక్యమే మెరుగైన ఫలితమివ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. చాలాసార్లు అలా జరగలేదు.

829వ అంశమే చూడండి. దాని శీర్షిక ‘స్పానిష్ అంతర్యుద్ధ మద్దతు’. వివరణలో, స్పానిష్ అంతర్యుద్ధంలో ఏ పక్షానికైనా అందిన అన్ని రకాల అంతర్జాతీయ వస్తుసహాయం గురించి సమాచారం ఇవ్వమని ఉంటుంది. మనిషి చదివితే కీలకం ‘స్పానిష్ అంతర్యుద్ధం’ అని వెంటనే తెలుస్తుంది. పదాలను విడివిడిగా లెక్కగట్టే యంత్రానికి ఆ సంగతి తెలియదు. అంతర్జాతీయ సహాయం, వస్తుసామగ్రి, పక్షాలు అనే మాటలు నిండుగా ఉన్న పత్రం ఒకటి, అందులో స్పెయిన్ ఊసే లేకపోయినా, మార్కులన్నీ కూడబెట్టుకుని పైకి వచ్చేయగలదు. 1972లో కరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం తక్కువ పత్రాల్లో కనిపించే పదానికి ఎక్కువ బరువు దక్కుతుంది. అది చాలావరకు ఆదుకుంటుంది గానీ, అరుదైన పదం ప్రతిసారీ ముఖ్యమైన పదం కాదు కదా.

మైఖేల్ బెండర్‌స్కీ, బ్రూస్ క్రాఫ్ట్ 2008లో ఈ అంశాన్నే ఉదాహరణగా తీసుకుని, వాక్యంలోని నామపదబంధాల్లో ఏది కీలకమో యంత్రం చేతనే గుర్తింపజేసి, దానికి అదనపు బరువిచ్చారు. మరుసటి ఏడు గిరిధర్ కుమారన్, వితోర్ కర్వాల్యో మరో దారి పట్టారు. వాక్యంలోంచి కొన్ని పదాలనే ఎంచి, ఆ చిన్న ప్రశ్నల్లో ఏది బాగా పనిచేస్తుందో ముందే అంచనా వేయడం వాళ్ల పద్ధతి. పది పదాల ప్రశ్నలోంచి ఇలా 1,022 చిన్న ప్రశ్నలు పుడతాయి. అన్నిటితోనూ వెతికి చూడటం కుదరదు కాబట్టి, పదాలు పత్రాల్లో ఎంత తరచుగా జతగా వస్తాయన్నటువంటి కొలతల మీద ఆధారపడ్డారు. ఈ దారిలో ప్రమాదమేమిటంటే, ‘లేకుండా’, ‘తప్ప’ లాంటి చిన్న మాట రాలిపోతే ప్రశ్న అర్థమే తిరగబడుతుంది. పొట్టి ప్రశ్న మాత్రం చూడటానికి లక్షణంగా ఉంటుంది.

చెప్పని మాటలు

2019లో ట్రెక్‌లో కాస్ట్ అనే సంభాషణ విభాగం మొదలైంది. అందులోని 31వ సంభాషణ ఈ రంగంలో బాగా పేరుపడ్డది. గొంతు క్యాన్సర్ అంటే ఏమిటి అని మొదలవుతుంది. అది నయమవుతుందా? ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి చెప్పండి. దాని లక్షణాలేమిటి? అది గొంతుకు పాకుతుందా? గొంతు క్యాన్సర్ ఎందుకొస్తుంది? దాని మొదటి లక్షణం ఏమిటి? అది, అన్నవాహిక క్యాన్సర్ ఒకటేనా? ఆ రెండింటి లక్షణాల్లో తేడా ఏమిటి?

ఇక్కడ తీసేయడానికి పెద్దగా ఏమీ లేదు. ‘అది’ అంటే ఏదన్నదే చిక్కు. ఐదో ప్రశ్నలో అది ఊపిరితిత్తుల క్యాన్సర్, ఏడో ప్రశ్నకొచ్చేసరికి గొంతు క్యాన్సర్. చివరి ప్రశ్నలో ‘ఆ రెండు’ అంటే గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు. వెనకటి ప్రశ్నల్లోని పదాలన్నీ కలిపి వెతికితే మూడు జబ్బుల పత్రాలూ కలగాపులగమవుతాయి. చివరి ప్రశ్నకు కావలసింది ‘గొంతు క్యాన్సర్ అన్నవాహిక క్యాన్సర్ లక్షణాల తేడా’ అన్న పొట్టి ప్రశ్న. దాన్ని రాయాలంటే ఊపిరితిత్తులను వదిలేయాలని తెలియాలి. తెలుగు సంభాషణలోనైతే ‘నయమవుతుందా?’ అని ఊరుకుంటాం. వెతికి పట్టుకోవడానికి ‘అది’ కూడా ఉండదు.

నిర్వాహకులు ప్రతి ప్రశ్నకూ మనుషులతో తిరగరాయించిన రూపాన్ని కూడా ఇచ్చారు. దానివల్ల లోపం ఎక్కడుందో తేలింది. మొదటి ఏడాది ఫలితాల్లో, మనుషులు తిరగరాసిన ప్రశ్నలతో వెతికినప్పుడు, అత్యుత్తమ స్వయంచాలక వ్యవస్థ కంటే 35 శాతం మెరుగైన ఫలితం వచ్చింది. అదే ఏడాది వెలువడిన కెనార్డ్ అనే సంకలనంలో ఇలా మనుషులు తిరగరాసిన ప్రశ్నలు సుమారు 40,000 ఉన్నాయి. జీపీటీ-2, టీ5 వంటి భాషా నమూనాలకు పునర్లేఖనం నేర్పడం దాంతో తేలికైంది. 2020లో క్యూరెటెక్ అనే పద్ధతి వాక్యం రాసే జోలికే పోలేదు. వెనకటి మాటల్లో ఏ పదాలను ఇప్పటి ప్రశ్నకు జోడించాలో మాత్రమే తేల్చేది. శోధనకు చక్కని వాక్యం అక్కర్లేదు, సరైన పదాలు చాలు అన్న పాత లైబ్రేరియన్ బుద్ధి ఇందులో కనబడుతుంది.

ఈ దశలో జరిగే తప్పు బయటపడటం కష్టం. ఏడో ప్రశ్నను ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తగిలిస్తే, వచ్చే పత్రాలన్నీ నమ్మదగినవే, శుభ్రంగా రాసినవే. జబ్బు మాత్రం వేరు. జవాబును చూసి పట్టుకోవడం అరుదు కాబట్టి, అసలు ప్రశ్నను, తిరగరాసిన ప్రశ్నను పక్కపక్కన దాచి పోల్చి చూడాలి.

తర్వాతి దారులు

2021లో కాన్‌డీఆర్ వంటి పద్ధతులు తిరగరాయడమే మానేసి, సంభాషణ మొత్తాన్ని నేరుగా ఒక సదిశగా మార్చి వెతికాయి. అక్కడ యంత్రం ‘అది’ని ఎలా అర్థం చేసుకుందో చదివి చూసుకునే వీలుండదు. 2022లో వచ్చిన హైడ్ పద్ధతి పూర్తిగా ఎదురు దిక్కున నడిచింది. ప్రశ్నను కుదించకుండా, భాషా నమూనా చేత ఒక ఊహాజవాబు రాయించి, దాన్ని పోలిన పత్రాలను వెతికింది. 2023లో కొందరు పరిశోధకులు చిన్న టీ5 నమూనాకు, తుది జవాబు ఎంత బాగా వస్తే అంత బహుమతి అన్న లెక్కన పునర్లేఖనం నేర్పారు.

అదే ఏడాది కాస్ట్ స్థానంలో ఐకాట్ విభాగం వచ్చింది. ఇందులో సంభాషణతోపాటు అడిగే మనిషి గురించిన చిన్న వాక్యాల జాబితా కూడా ఇస్తారు. నాకేం తింటే మంచిది అని ఇద్దరు అడిగితే, ఒకరి జాబితాలో మధుమేహం, ఇంకొకరి జాబితాలో శాకాహారం ఉండొచ్చు. అప్పుడు ఒకే ప్రశ్నకు రెండు వేర్వేరు శోధన ప్రశ్నలు రాయాలి. జాబితాలో ఏ వాక్యం ఈ ప్రశ్నకు అవసరమో, ఏది అనవసరమో పునర్లేఖకమే నిర్ణయించాలి. అది ఎంచుకున్న ఆరోగ్య వివరమేదైనా, శోధన పదంగా మారి బయటి శోధన యంత్రానికి చేరుతుంది.