జెడ్-స్కోరు

‘స్కోరు’ అంటే సాధించిన మార్కు. ‘జెడ్’ అనేది సగటు 0, క్రమ విచలనం 1గా మార్చిన విలువకు గణాంకశాస్త్రంలో వాడే గుర్తు. మార్కులు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో క్రమ విచలనం చెబుతుంది. ఆ పేరును 1894లో కార్ల్ పియర్సన్ అచ్చులోకి తెచ్చాడు.

తిరుపతిలో ఒక ఇంటర్ విద్యార్థికి గణితంలో 66, భౌతికశాస్త్రంలో 45 మార్కులు వచ్చాయనుకుందాం. గణితంలో తరగతి సగటు 60, క్రమ విచలనం 12. భౌతికశాస్త్రంలో అవి 35, 5. మార్కులోంచి సగటు తీసేసి, మిగిలినదాన్ని క్రమ విచలనంతో భాగిస్తే జెడ్-స్కోరు వస్తుంది.

గణితం: (66 − 60) ÷ 12 = 0.5
భౌతికశాస్త్రం: (45 − 35) ÷ 5 = 2

కాబట్టి తరగతితో పోలిస్తే ఆ విద్యార్థి భౌతికశాస్త్రంలోనే బాగా ముందున్నాడు. సగటు కంటే తక్కువ వస్తే జెడ్-స్కోరు రుణసంఖ్య అవుతుంది. పోలిక మాత్రం ఆ తరగతికే పరిమితం. తరగతి మారితే స్కోరూ మారుతుంది.