5 రత్తుల రాయి అంటే ఎన్ని క్యారెట్లు?

మా నిమ్మనపల్లెలో మామకి జ్యోతిష్యుడు 5 రత్తుల కెంపు ఉంగరం పెట్టుకోమన్నాడు. సరే, గ్రాముల్లో ఎంత?

రత్తి అంటే మన గురివింద గింజే. పాత కంసాలి తూకంలో 96 రత్తులు ఒక తులం. బ్రిటిష్ వాళ్లు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా, అంటే సుమారు 11.66 గ్రాములుగా ఖాయం చేశారు. ఆ లెక్కన రత్తి 0.1215 గ్రాములు. కానీ ఇప్పుడు రాళ్ల అంగళ్లలో ఎక్కువగా వాడే రత్తి 0.182 గ్రాములు! క్యారెట్ మాత్రం ఎక్కడైనా 0.2 గ్రాములే, 1907లో కుదిరిన కొలత.

కాబట్టి 5 రత్తులు పాత లెక్కలో 3.04 క్యారెట్లు, అంగడి లెక్కలో 4.55. పెద్ద రత్తికి డబ్బు తీసుకుని చిన్న రత్తి రాయి ఇస్తే ఒకటిన్నర క్యారెట్ పోయినట్టే. అందుకే ఉంగరంలో బిగించకముందే విడి రాయిని తూకం వేయించండి. వచ్చిన గ్రాముల్ని 0.2తో భాగించండి. బిల్లులో క్యారెట్లే రాయించుకోండి.