జడ్జీలను పట్టి తెమ్మన్న సభ

1964 మార్చి 14న లక్నోలో, ఉత్తరప్రదేశ్ శాసనసభలో ఒక మనిషిని నిలబెట్టారు. ముందురోజే గోరఖ్‌పూర్‌లో అరెస్టు చేసి తీసుకొచ్చారు. స్పీకర్ మదన్ మోహన్ వర్మ పేరడిగారు. జవాబు లేదు. మళ్లీ అడిగినా లేదు. స్పీకర్ స్థానానికి వీపు పెట్టి, ఆ మనిషి అలాగే నిలబడి ఉన్నాడు.

అతని పేరు కేశవ్ సింగ్, సోషలిస్టు కార్యకర్త. నర్సింగ్ నారాయణ్ పాండే అనే ఎమ్మెల్యే అవినీతిపరుడని ఆరోపిస్తూ మరికొందరితో కలిసి ఒక కరపత్రం వేశాడు. అది తన హక్కులకు భంగమని ఆ ఎమ్మెల్యే ఫిర్యాదు చేశారు. సభ విచారించి, బాధ్యులను పిలిపించి మందలించాలని తీర్మానించింది. సహచరుల్లో ఇద్దరు ఫిబ్రవరిలో వచ్చి మందలింపు విని వెళ్లిపోయారు. కేశవ్ సింగ్ మాత్రం రైలు ఖర్చులకు డబ్బు లేదంటూ రాలేదు. పైగా మార్చి 11న స్పీకర్‌కు ఉత్తరం రాశాడు. కరపత్రంలో రాసింది నిజమేననీ, ఈ మందలింపు నాదిర్షాహీ అనీ అందులో ఉంది. సభలో మందలింపు అయ్యాక ఆ ఉత్తరం బయటికి తీశారు. రాసింది నువ్వేనా అని అడిగితే దానికీ మౌనమే. ముఖ్యమంత్రి సుచేతా కృపలానీ స్వయంగా తీర్మానం పెట్టారు. ఉత్తరంలోని భాషకు, సభలో ప్రవర్తనకు కలిపి ఏడు రోజుల జైలు. సభ ఆమోదించింది, కేశవ్ సింగ్ లక్నో జిల్లా జైలుకు వెళ్లాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ పేరు ఈరోజు ఎవరికీ గుర్తుండేది కాదు. జైలు గడువు ఇంకొక్క రోజులో ముగుస్తుందనగా, మార్చి 19న, సోలమన్ అనే న్యాయవాది అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచిలో అతని తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. జస్టిస్ బేగ్, జస్టిస్ సహగల్ ముందుకు అది వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు వినడానికి ప్రభుత్వ న్యాయవాది కూడా ఒప్పుకున్నారు. మూడయింది. ప్రభుత్వం తరఫున ఎవరూ రాలేదు. జడ్జీలు పిటిషనర్ వాదన విని, వెయ్యి రూపాయల చొప్పున ఇద్దరి పూచీకత్తు మీద బెయిలిచ్చి, అవతలి పక్షాలకు నోటీసులు పంపమన్నారు. స్పీకర్, సభ, ముఖ్యమంత్రి, జైలు సూపరింటెండెంట్ ఆ పిటిషన్‌లో ప్రతివాదులు. ప్రభుత్వ న్యాయవాది ఆ గంటలో కోర్టులో ఉండి సభ అధికారం సంగతి వివరించి ఉంటే కథ మరోలా నడిచేదేమో. ఈ దేశపు అతి పెద్ద రాజ్యాంగ ఘర్షణల్లో ఒకటి ఇలా ఖాళీగా ఉన్న ఒక న్యాయవాది కుర్చీ దగ్గర మొదలైంది.

సభ వేసిన శిక్షను కోర్టు ఆపడమేమిటని సభ్యులు భగ్గుమన్నారు. మార్చి 21న మరో తీర్మానం చేశారు. కేశవ్ సింగ్‌ను మిగిలిన శిక్షకు వెంటనే జైలుకు పంపాలి. న్యాయవాది సోలమన్‌తో పాటు బెయిలిచ్చిన ఇద్దరు హైకోర్టు జడ్జీలను కూడా కస్టడీలోకి తీసుకుని సభ ముందు నిలబెట్టాలి. తమను అరెస్టు చేయబోతున్నారన్న సంగతి ఆ జడ్జీలకు నోటీసు ద్వారా తెలియలేదు. ఆ రాత్రి రేడియోలో విన్నారు, మర్నాడు పొద్దున పత్రికలో చదివారు.

వెంటనే అలహాబాద్ వెళ్లి, మార్చి 23న తమ సొంత హైకోర్టులోనే పిటిషనర్లుగా నిలబడ్డారు. మిగిలిన 28 మంది జడ్జీలూ ఒకే బెంచిగా కూర్చున్నారు. హైకోర్టు మొత్తం అదే. వారెంటు జారీ చేయొద్దని స్పీకర్‌కు, జారీ అయి ఉంటే అమలు చేయొద్దని ప్రభుత్వానికి, మార్షల్‌కు ఉత్తర్వులిచ్చారు. అప్పటికే మార్షల్ పేరా, లక్నో కమిషనర్ పేరా వారెంట్లు వెళ్లాయి.

ఇక్కడ కాసేపు ఆగి ఆ కమిషనర్ స్థితి చూడాలి. శాసనసభకు సొంత సైన్యం లేదు, హైకోర్టుకూ లేదు. ఇద్దరి మాటా నెరవేరాలంటే ప్రభుత్వ యంత్రాంగమే కదలాలి. ఒకరు పట్టుకురమ్మన్నారు, ఇంకొకరు ముట్టుకోవద్దన్నారు. ఆయన ఏ కాగితాన్ని పాటించినా రెండోదాన్ని ధిక్కరించినట్టే. అధికారాల విభజన అనే మాటను మనం మూడు గదుల ఇల్లులా ఊహించుకుంటాం. మన రాజ్యాంగంలో అలాంటి గోడలు ఎక్కడా కట్టి లేవు. ఫలానా అధికరణ కింద ఫలానా పని వీరిది, దానికి ఇంతవరకే హద్దు అని విడివిడిగా రాసి ఉంది. రెండు అధికరణలు ఒకే మనిషి మీద ఢీకొంటే ఎవరి మాట చెల్లాలన్నది రాసి లేదు.

ఇక్కడ ఢీకొన్నవి 194, 226. సభ హక్కులను చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చు, నిర్ణయించేదాకా రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటికి బ్రిటన్ హౌస్ ఆఫ్ కామన్స్‌కు ఉన్న అధికారాలే ఉంటాయని 194(3) చెప్పింది. ఉత్తరప్రదేశ్ అలాంటి చట్టం చేయలేదు. కామన్స్‌కు ఒక ప్రత్యేక వెసులుబాటు ఉండేది. ధిక్కారానికి జైలుకు పంపేటప్పుడు కారణం రాయకుండా వారెంటు ఇస్తే, అక్కడి కోర్టులు లోతుకు వెళ్లేవి కావు. మాకూ అదే ఉందన్నది లక్నో సభ వాదన. మరోవైపు 226 కింద ఎవరి నిర్బంధాన్నయినా ప్రశ్నించే అధికారం హైకోర్టుకు ఉంది.

వాదనలు ఎలా ఉన్నా, ఆ వారంలో ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సింది. మార్చి 25న సభ కొంత తగ్గింది. సంజాయిషీ వినకుండా ఎవరినీ శిక్షించే ఉద్దేశం లేదని చెప్పి, అరెస్టు వారెంట్లు ఉపసంహరించుకుని, జడ్జీలను సభాహక్కుల కమిటీ ముందుకు రమ్మంది. దానిమీదా హైకోర్టు స్టే ఇచ్చింది. మార్చి 26న కేంద్రం సలహా మీద రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 143వ అధికరణ కింద అయిదు ప్రశ్నలు రాసి సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. అసలు ఊరట ఇందులో ఉంది. ఇది తీర్పు కాదు, అభిప్రాయం. అందుకే ఓడామన్న మాట లేకుండా ఇరుపక్షాలూ వచ్చి వాదించుకోగలిగాయి. జడ్జీల పక్షాన సెతల్వాడ్, సభ పక్షాన సీర్వాయి. ఇక్కడికి వచ్చినంత మాత్రాన సభ ఈ కోర్టు అధికారానికి లోబడినట్టు కాదని సీర్వాయి ముందే చెప్పుకున్నారు.

ఏడుగురు జడ్జీల ఆ బెంచిలో మన రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు ఒకరు. గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఈ ప్రశ్న ఆయనకు కొత్తది కాదు. పాట్నా సర్చ్‌లైట్ పత్రిక సంపాదకుడి కేసులో 1958లోనే, మిగిలిన నలుగురు సభాహక్కుల వైపు నిలబడితే, పౌరుడి ప్రాథమిక హక్కే పైదని ఆయన ఒక్కరే విడిగా రాశారు. ఈసారి ఆయన మెజారిటీలో ఉన్నారు.

1964 సెప్టెంబరు 30న ఆరుగురి తరఫున ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అభిప్రాయం చదివారు. జస్టిస్ సర్కార్ విభేదించారు. సభకు ఆ అధికారం ఉందనీ, కారణం రాయని వారెంటును కోర్టు తవ్వకూడదనీ ఆయన మతం. మెజారిటీ వాదన దారి వేరు. బ్రిటన్‌లో పార్లమెంటే ఒకప్పుడు అత్యున్నత న్యాయస్థానం. ఆ చరిత్ర నుంచి వచ్చిన గౌరవం వల్ల అక్కడి కోర్టులు కారణం అడగడం మానుకున్నాయి. మన సభలు ఎన్నడూ కోర్టులు కావు, రాజ్యాంగం నుంచి పుట్టినవి. కాబట్టి ఆ వెసులుబాటు వాటికి రాదు. సభకు చెందని పౌరుడిని, సభ బయట చేసిన పనికి జైల్లో పెడితే, అతను 226 కింద రావచ్చు, హైకోర్టు వినవచ్చు, విచారణ తేలేదాకా బెయిలూ ఇవ్వవచ్చు.

జడ్జీల అరెస్టు విషయంలో నాకు అన్నిటికన్నా బలంగా తోచే వాదన 211వ అధికరణది. విధి నిర్వహణలో హైకోర్టు జడ్జి ప్రవర్తనను రాష్ట్ర శాసనసభ చర్చించనే కూడదని అది అంటుంది. నోటితో చర్చించకూడని విషయానికి మనిషిని పట్టి తెప్పించడం ఎలా కుదురుతుంది? బెయిలిచ్చినందుకు ఆ జడ్జీలు గానీ, పిటిషన్ వేసినందుకు సోలమన్ గానీ ధిక్కారం చేసినట్టు కాదని కోర్టు తేల్చింది.

దీన్ని కోర్టుల విజయంగా చెప్పుకునేవారు తర్వాతి ఏడాది సంగతి చెప్పరు. కేశవ్ సింగ్ పిటిషన్ ఇంకా హైకోర్టులో పెండింగులోనే ఉంది. 1965 మార్చిలో విచారణ పూర్తయింది, హైకోర్టు దాన్ని కొట్టేసింది. ధిక్కారానికి శిక్షించే అధికారం సభకు ఉంది, ఆ ఉత్తరం ధిక్కారమా కాదా అన్న సభ నిర్ణయం మీద మేము అప్పీలు వినం, మిగిలిన శిక్ష అనుభవించాల్సిందే అంది. దేశాన్ని ఆరు నెలలు కుదిపిన వివాదం తర్వాత అతనికి మిగిలింది ఒక్క రోజు. కోర్టు తలుపు తెరిచి ఉంటుందని ఒక బెంచి చెప్పింది, ఆ తలుపు లోపలికొచ్చినా సభ చేయదగిన పని సభదేనని మరో బెంచి చెప్పింది. రెండూ కలిపి చదివితేనే హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. అధికారం ఉందా, హక్కుల గీత దాటిందా అన్నంతవరకే కోర్టు చూస్తుంది, శిక్ష తగినదా కాదా అని చూడదు.

అసలు లోపం మాత్రం అలాగే మిగిలింది. సభాహక్కుల కేసులో ఫిర్యాదు చేసేదీ సభే, విచారించేదీ సభే, శిక్ష వేసేదీ సభే. ఏది ధిక్కారమో ముందుగా రాసిన చట్టం లేదు. దాని ఫలితం ఇరవై ఏళ్ల తర్వాత హైదరాబాద్ చూసింది. శాసనమండలిలో జరిగిన గొడవను గలభాగా వర్ణించిన 1983 నాటి శీర్షికకు ఈనాడు సంపాదకుడు రామోజీరావు మీద హక్కుల ఉల్లంఘన చర్య మొదలైంది. 1984లో సుప్రీంకోర్టు ఆయనను అరెస్టు చేయొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సభ మాటకూ కోర్టు మాటకూ మధ్య మళ్లీ పోలీసులే నిలబడ్డారు. 1985లో మండలే రద్దయింది, ప్రశ్న తేలకుండానే పోయింది.

1978లో 44వ సవరణ 194(3) నుంచి హౌస్ ఆఫ్ కామన్స్ ప్రస్తావన తీసేసింది. కానీ అప్పటిదాకా ఉన్న హక్కులే కొనసాగుతాయంది. అంటే పేరు పోయింది, అధికారాల కొలత మారలేదు. ఆ అధికారాలు ఏమిటో వరుసగా రాసి చట్టం చేయమని 194(3) మొదటి నుంచీ శాసనసభలకు అవకాశం ఇస్తూనే ఉంది. చట్టంగా రాస్తే అది ప్రాథమిక హక్కులకు లోబడాలి, కోర్టు దాన్ని కొట్టేయవచ్చు. రాయకపోతే ఆ ప్రమాదం లేదు. సభలు రాయకుండా ఉండటానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే.