సారంగధరుడా, రాజరాజనరేంద్రుడా?

దిల్‌సుఖ్‌నగర్ పుస్తకాల షాపుల్లో ఏ గైడు తీసినా ట్రాజిక్ హీరో ప్రశ్నకు జవాబు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. హీరో గొప్ప వంశంలో పుట్టినవాడు, అతనిలో ఒక లోపం ఉంటుంది, ఆ లోపమే అతన్ని కూలదోస్తుంది, అది చూసి ప్రేక్షకుడి మనసు తేలికపడుతుంది. వనస్థలిపురంలో మా ఇంటికి సాయంత్రం పూట డ్రామా యూనిట్ చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఈ నాలుగు ముక్కలూ గడగడా ఒప్పజెబుతారు. ఆ లోపం ఏమిటని అడిగితే మాత్రం, నాటకం ఏదైనా సరే, జవాబు ఒక్కటే: గర్వం.

ఇక్కడే పేచీ. ఈ మాటలు మొదట రాసిన అరిస్టాటిల్ 'పొయెటిక్స్'లో విషాద నాయకుడి గురించి చెప్పినచోట గర్వం ఊసే లేదు. మరి ఇది గైడులోకి ఎలా వచ్చి చేరింది? అది తెలిస్తే జవాబు బట్టీ పట్టనక్కర్లేదు. దాన్ని పరీక్షించుకోడానికి మన తెలుగులోనే మంచి నాటకం ఒకటుంది: ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర'.

ముందు గ్రీకుల సంగతి. సొఫొక్లీస్, యూరిపిడీస్ ఇద్దరూ క్రీ.పూ. 406లోనే పోయారు. అరిస్టాటిల్ పుట్టింది 384లో. అంటే ఆ ఇద్దరి ముందూ సూత్రాల పుస్తకమేదీ లేదు. నాటకాలు ముందు, శాస్త్రం తర్వాత. పైగా ఆయన గురువు ప్లేటో, తన ఆదర్శ రాజ్యంలో కవులకు చోటు లేదన్నాడు. అదుపులో పెట్టుకోవాల్సిన ఏడుపునూ ఆవేశాన్నీ కవిత్వం నీళ్లుపోసి పెంచుతుందని ఆయన ఫిర్యాదు. దానికి శిష్యుడు ఇచ్చిన జవాబుగా 'పొయెటిక్స్'ని చదివితే చాలా చిక్కులు విడిపోతాయి. విషాద నాటకం జాలినీ భయాన్నీ రేపే మాట నిజమే, కానీ రేపి వదిలేయదు, వాటికి ఒక కెథార్సిస్ కలిగిస్తుంది అన్నాడాయన.

ఆ జాలి, భయం ఎలా పుడతాయన్నది పదమూడో అధ్యాయంలో ఉంది. ఇది వకీలు వాదనలా ఒక్కొక్కదాన్నీ కొట్టేస్తూ సాగుతుంది. మచ్చలేని మంచివాడు పడిపోతే మనకు కలిగేది జాలి కాదు, రోత. ఇదేం అన్యాయమని మనసు తిరగబడుతుంది. దుర్మార్గుడు పైకొస్తే జాలీ లేదు, భయమూ లేదు. పరమ దుర్మార్గుడు పడిపోతే తగిన శాస్తి జరిగిందనుకుంటాం, అంతే. ఇక మిగిలింది మధ్యవాడు. మంచి పేరూ హోదా ఉన్నవాడు, అలాగని ధర్మరాజు కాడు. చెడ్డతనం వల్ల కాక, ఏదో ఒక పొరపాటు వల్ల పడిపోతాడు. ఆ పొరపాటుకే ఆయన వాడిన మాట హమార్షియా. అంత శిక్షకు తగినవాడు కాడు కనుక జాలి. మనలాంటివాడే కనుక భయం. ఈ రెండు కారణాలూ జవాబులో ఉంటే సగం పని అయిపోయినట్టే. చాలామంది జాలి, భయం అని రాసి ఎందుకన్నది వదిలేస్తారు.

ఈడిపస్‌నే చూడండి. దారిలో ఎదురైన ముసలివాణ్ని చంపాడు, అతను తన తండ్రని తెలియదు. రాణిని పెళ్లాడాడు, ఆమె తల్లని తెలియదు. కోపిష్టివాడే, కాదనను. కానీ అతన్ని ముంచింది కోపం ఒక్కటే కాదు, తెలియనితనం. మరి ఆ పొరపాటు కాస్తా స్వభావంలోని లోపంగా ఎప్పుడు మారింది? మన యూనివర్సిటీల వరకూ పెద్ద చెయ్యి ఏ.సి. బ్రాడ్లీది. 1904లో అచ్చయిన 'షేక్‌స్పియరియన్ ట్రాజెడీ' ఉపన్యాసాల్లో, నాయకుడి స్వభావంలోనే ఉన్న ఒక బలమైన మొగ్గు అతన్ని నాశనం దాకా లాక్కెళుతుందని ఆయన చూపించాడు. మెక్‌బెత్‌కు అది బాగా అతుకుతుంది. గైడు రాసేవాళ్లు ఆ చొక్కానే తీసుకెళ్లి ఈడిపస్‌కూ తొడిగారు. కనుక జవాబులో ఏ లోపం ఎవరిదో విడదీసి రాయాలి: అరిస్టాటిల్ చెప్పింది చేసిన పొరపాటు, బ్రాడ్లీ తర్వాత వాడుకలోకి వచ్చింది స్వభావ లోపం.

ఇక బళ్లారి. ఇప్పుడది కర్ణాటకలో ఉందిగానీ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా, తెలుగు నాటకానికి పుట్టినిళ్లలో ఒకటి. అక్కడ వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరస వినోదినీ సభ పెట్టి సొంత నాటకాలు రాసి ఆడించారు. జనం ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడన్నారు. బళ్లారి రాఘవకు ఆయన స్వయానా మేనమామ. 1890కి అటూ ఇటూగా వచ్చిన 'విషాద సారంగధర'ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా మన సాహిత్య చరిత్రలు లెక్కవేస్తాయి.

ఇవాళ మనకు ఇందులో తెగువ కనబడదు. అప్పుడది తెగువే. సంస్కృత నాటక సంప్రదాయంలో నాయకుడు రంగం మీద చావకూడదు, ముగింపు శుభంగా ఉండాలి. రామాయణంలో సీత భూమిలో కలిసిపోయినా భవభూతి తన నాటకంలో రాముణ్నీ సీతనూ కలిపే తెర దించాడు. కరుణ రసం పొంగినా చివరికి మంగళం పాడాల్సిందే. దుర్యోధనుడి చావుతో ముగిసే భాసుడి 'ఊరుభంగం' ఉంది కదా అనొచ్చు. కానీ ఆ తాళపత్రాలు బయటపడి, తిరువనంతపురంలో గణపతిశాస్త్రి భాస నాటకాలు అచ్చువేయడం మొదలైంది 1912లో. ధర్మవరం కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. అంటే ఇటు సంస్కృతంలో చూపించుకోడానికి ఆయనకు ఒక్క ఉదాహరణా లేదు. ఉన్నదల్లా ఇంగ్లీషు చదువు, షేక్‌స్పియర్.

కథ అందరికీ తెలిసిందే. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడికి చిన్న భార్య చిత్రాంగి. రాజు ఊళ్లో లేని సమయంలో కొడుకు సారంగధరుడు పావురాలాట ఆడుతుంటే, ఒక పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. దానికోసం వెళ్లిన కుర్రాణ్ని ఆమె కోరుతుంది. తల్లివంటిదానివని అతను కాదంటాడు. రాజు తిరిగి రాగానే ఆమె నింద అతని మీద వేస్తుంది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికించేస్తాడు. నిజం బయటపడేసరికి చెయ్యి దాటిపోయింది. చరిత్రలో నన్నయచేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికీ ఈ కథకూ సంబంధం లేదు, అది వేరే సంగతి. పాత కావ్యాల్లో ఒక సిద్ధుడు వచ్చి కాళ్లూ చేతులూ మొలిపిస్తాడు. గౌరన 'నవనాథ చరిత్ర'లో సారంగధరుడే చౌరంగి అనే సిద్ధుడవుతాడు. ధర్మవరం ఆ ఊరటను వదిలేసి కథను విషాదంగానే ముగించారు.

ఇప్పుడు పరీక్ష ప్రశ్న. ఇందులో ట్రాజిక్ హీరో ఎవరు? పిల్లలు తడుముకోకుండా సారంగధరుడంటారు. మరి అతని హమార్షియా ఏమిటి? కాసేపు ఆలోచించి, పావురం కోసం వెళ్లకూడని మేడకు వెళ్లడం అంటారు. అది పొరపాటే అనుకుందాం. కానీ అతని వంక మచ్చ లేదు. పైగా పరీక్షకు నిలబడి గెలిచాడు. అరిస్టాటిల్ కొట్టేసిన మొదటి రకం సరిగ్గా ఇదే. అతన్ని చూస్తే జాలి వస్తుంది, నిజమే. దాని వెనకే ఒళ్లు మండుతుంది.

రాజు వైపు తిరిగి చూస్తే లెక్క కుదురుతుంది. హోదా ఉంది. దుర్మార్గుడు కాడు. కొడుకంటే ప్రేమ ఉన్నవాడే. భార్య మాట ఒక్కటే విని, రెండో పక్షాన్ని పిలిచి అడగకుండా తీర్పు చెప్పేశాడు. అదీ అతని పొరపాటు. కోపం దానికి తోడయింది. న్యాయం చేస్తున్నాననుకుంటూనే అన్యాయం చేశాడు. అరిస్టాటిల్ దీన్నే తలకిందులవడం అన్నాడు: ఒక ఫలితం కోసం చేసిన పని దానికి ఎదురు ఫలితం ఇవ్వడం. ఆ వెంటే నిజం తెలియడం. ఈ రెండూ ఒక్కసారే జరిగితే కథ బిగువుగా ఉంటుందని ఆయన మెచ్చుకున్నాడు. తెలియక చేసి, చేశాక తెలుసుకోవడం విషాదానికి బాగా పనికొచ్చే పద్ధతని పద్నాలుగో అధ్యాయంలో రాశాడు కూడా. సాక్ష్యం విచారించకుండా శిక్ష వేసే రాజు కథను ఒక వకీలు ఎంచుకోవడం కాకతాళీయం కాదని నాకనిపిస్తుంది. నిరూపించలేను.

"మరి నాటకం పేరు సారంగధరుడిదే కదా సార్?" అని ఒకమ్మాయి నిలదీసింది. పేరుతో తేలదమ్మా అన్నాను. యూరిపిడీస్ క్రీ.పూ. 428లో ఆడించిన 'హిపాలిటస్' అచ్చం మన కథే: సవతి తల్లి ఫీడ్రా, కాదన్న కొడుకు, నింద, నమ్మిన తండ్రి థీసియస్, కొడుకు చావు, ఆలస్యంగా తెలిసిన నిజం. పేరు కొడుకుది, తెలియక చేసి తెలుసుకున్నవాడు మాత్రం తండ్రి. 'ఒథెల్లో'లో షేక్‌స్పియర్ ఆ చిక్కు ఉంచలేదు. నిందపడి చనిపోయేది డెస్డిమోనా, నమ్మి చంపినవాడు ఒథెల్లో, నాటకానికి అతని పేరే పెట్టాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. చిత్రాంగి సంగతేమిటంది. 1957లో భానుమతి, ఎన్టీఆర్ నటించిన సినిమాలో చిత్రాంగి మోసపోయిన ఆడది: రాకుమారుడనుకుని ఒప్పుకుంటే రాజు కత్తికిచ్చి పెళ్లి చేశారు. అలా చూస్తే ఆమె మీదా జాలి పుడుతుంది, తప్పు మళ్లీ రాజు గుమ్మంలోకే వచ్చి పడుతుంది. ఇలాంటి ఎదురు వాదన జవాబులో ఒక పేరాగా రాయొచ్చు. దిద్దేవాళ్లకు అదే కావాలి.

చివరిది కెథార్సిస్, అందరూ మనసు కడుక్కోవడం అని ఒక్క ముక్కలో తేల్చేసేది. నిజానికి విషాద నాటకం గురించి ఈ మాట 'పొయెటిక్స్'లో ఆరో అధ్యాయపు నిర్వచనంలో ఒక్కసారే వస్తుంది, వివరణ లేదు. 'పాలిటిక్స్' చివర, దీన్ని కవిత్వం గురించి రాసేచోట విడమరుస్తానని మాటిచ్చాడు; ఆ విడమరచినది మనకు దక్కలేదు. అందుకే పండితులు తలో దారి పట్టారు. జర్మనీలో లెస్సింగ్ పద్దెనిమిదో శతాబ్దంలో దాన్ని శుద్ధి అన్నాడు: మన జాలీ భయమూ ఎక్కువ తక్కువలు పోయి ఒక తూకానికి వస్తాయని. 1857లో బెర్నేస్ వైద్యం వైపు తిప్పాడు: లోపల పేరుకున్నది బయటికి పోయి ఉపశమనం కలుగుతుందని. విరేచనం మందు లాంటిదన్నమాట. జవాబులో రెండూ పేర్లతో రాసి, ఒకదాన్ని చేతిలో ఉన్న నాటకానికి అన్వయించాలి.

సారంగధర కథకైతే నాకు లెస్సింగ్ దారే నచ్చుతుంది. సిద్ధుడు వచ్చి కాళ్లు మొలిపించే కావ్యంలో రాజు తప్పు దిద్దబడిపోతుంది; మనం దండం పెట్టి ఇంటికి పోతాం, భయం అక్కడే ఆవిరైపోతుంది. ధర్మవరం ముగింపులో రాజు పశ్చాత్తాపం ఎందుకూ పనికిరాదు. కొడుకు మీద జాలితో మొదలైన మనసు, ఒక పక్షం మాట విని తీర్పు చెప్పిన తండ్రి వైపు మెల్లగా జరుగుతుంది. అలాంటి తీర్పు మనమూ చెప్పగలమన్న భయం అక్కడ పుడుతుంది. పది మార్కుల ప్రశ్నయితే ఈ జరగడాన్ని రెండు పేజీల్లో చూపించాలి, నిర్వచనాలకు అర పేజీ చాలు.