గ్రిమ్ పరీక్ష

ఒక అధ్యయనంలో అచ్చయిన సగటు గానీ శాతం గానీ, అందులో పాల్గొన్నారని చెప్పిన మనుషుల సంఖ్యతో అసలు రాగలదా, రాలేదా అని తేల్చే చిన్న లెక్కను గ్రిమ్ పరీక్ష అంటారు. నిక్ బ్రౌన్, జేమ్స్ హెథర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో దీనికి రూపమిచ్చి పేరు పెట్టారు. 'గ్రాన్యులారిటీ రిలేటెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ ఆఫ్ మీన్స్' అన్న పొడవాటి పేరులోని మొదటి అక్షరాలు కలిస్తే గ్రిమ్ అయింది. ఈ పరీక్షకు పరిశోధకుల దగ్గరున్న అసలు డేటా అక్కర్లేదు. అచ్చయిన పేజీలోని రెండు అంకెలు, ఒక గుణకారం, ఒక భాగహారం చాలు.

లెక్క నడిచే తీరు

చోడవరం దగ్గరి వడ్డాది చుట్టుపక్కల చెరకు వేసే 23 మంది రైతులను, బెల్లం ధర మీద వారికెంత తృప్తి ఉందో 1 నుంచి 7 వరకు ఒక మార్కు వేయమని అడిగారని ఊహిద్దాం. నివేదికలో సగటు 4.27 అని రాశారు. చూడటానికి ఈ అంకెలో తేడా ఏమీ కనిపించదు.

ఒక్కో రైతు వేసింది పూర్తి మార్కే. సగం మార్కులు, పావు మార్కులు లేవు. కాబట్టి 23 మంది మార్కుల మొత్తం కూడా పూర్ణాంకమే అయ్యి తీరాలి. 4.27ను 23తో గుణిస్తే 98.21 వస్తుంది. దానికి అటూ ఇటూ ఉన్న పూర్ణాంకాలు 98, 99. 98ని 23తో భాగిస్తే 4.26, 99ని భాగిస్తే 4.30. ఆ రెండింటి మధ్య ఇంకో మొత్తం లేదు కనుక 4.27, 4.28, 4.29 ఈ 23 మంది నుంచి వచ్చే వీలే లేదు. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉన్నవారు ఇదే పనిని ఒక్క గడిలో చేయవచ్చు:

```
=ROUND(ROUND(4.27*23,0)/23,2)
```

జవాబు 4.26 అని వస్తుంది. నివేదికలోని 4.27తో అది కలవలేదు కాబట్టి సగటు పరీక్షలో తప్పినట్టే.

శాతాలకూ ఇదే సూత్రం. అదే నివేదికలో '37 శాతం మంది రైతులు' అని ఉంటే, 23లో 8 మంది అంటే 35 శాతం, 9 మంది అంటే 39 శాతం. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మనిషి లేడు కనుక 37 శాతం రాదు.

రెండు దశాంశ స్థానాలున్న సగటులో చుక్క తర్వాత 00 నుంచి 99 వరకు నూరు రకాల అంకెలు ఉండవచ్చు. 23 మంది ఉంటే వాటిలో 23 మాత్రమే సాధ్యం, మిగతా 77 అసాధ్యం. మనుషులు పెరిగేకొద్దీ ఈ ఖాళీలు పూడిపోతాయి. నూరు మంది దాటాక రెండు దశాంశాల సగటు ఏదైనా రావచ్చు, అక్కడితో పరీక్షకు పట్టు పోతుంది. అందుకే ఇది చిన్న నమూనాలకు పనికొచ్చే సాధనం.

పూర్వరంగం

అచ్చయిన పట్టికను నమ్మే ముందు దాన్ని అడ్డప్రశ్నలు వేసి చూడాలన్న అలవాటు భారతీయ గణాంకశాస్త్రంలో పాతదే. హెర్బర్ట్ రిస్లే 1891లో బెంగాల్ కులాలు, తెగల శరీర కొలతలను సంపుటాలుగా ప్రచురించాడు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆ కొలతలను తిరిగి పరిశీలించి, సవరణలతో కూడిన వ్యాసాన్ని 1933లో 'సాంఖ్య' పత్రిక తొలి సంపుటంలో ప్రకటించాడు.

ఆయన సంస్థలో 1941లో చేరిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. విశాఖపట్నంలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎమ్మే పట్టా పుచ్చుకుని కలకత్తా వెళ్లాడు. 1989లో వెలువడిన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో, విశ్లేషణకు దిగకముందే డేటాను నిలదీయడం గణాంకవేత్త పని అని ఆయన వాదించాడు. అంకెలు కల్పించినవారు ఎలా దొరికిపోతారో కూడా అందులో చర్చించాడు. అయితే ఆ పాత పద్ధతులకు విడివిడి కొలతలైనా కావాలి, లేదా సంభావ్యత మీద ఆధారపడిన వాదమైనా కావాలి. మెండెల్ బఠాణీ మొక్కల ఫలితాలు ఉండాల్సినదానికన్నా చక్కగా కుదిరాయని ఆర్.ఎ.ఫిషర్ 1936లో చూపింది ఆ రెండో రకం వాదమే. 'ఇలా జరగడం అరుదు' అనే వరకే అది వెళ్లగలదు. 'ఇలా జరగదు' అని చెప్పగలగడం గ్రిమ్ పరీక్ష తెచ్చిన తేడా.

2016: డెబ్భై ఒక్క వ్యాసాల సంగతి

బ్రౌన్ కంప్యూటర్ రంగంలో ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాడు. ఆ శాస్త్రంలో పేరుపొందిన ఒక గణిత సిద్ధాంతంలోని లోపాలను 2013లోనే అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి బయటపెట్టాడు. హెథర్స్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పరిశోధకుడు. వీళ్లిద్దరూ మనస్తత్వశాస్త్రంలోని ప్రముఖ పత్రికల నుంచి 260 వ్యాసాలు తీసుకున్నారు. నమూనా చిన్నదై, జవాబులు పూర్ణాంకాలై, ఈ లెక్కకు లొంగినవి వాటిలో 71.

ఆ 71లో 36 వ్యాసాల్లో, అంటే దాదాపు సగంలో, కనీసం ఒక సగటైనా అసాధ్యమని తేలింది. 16 వ్యాసాల్లో అలాంటివి ఒకటికి మించి ఉన్నాయి. అక్కడితో ఆగకుండా 21 వ్యాసాల రచయితలను అసలు డేటా ఇవ్వమని అడిగారు. తొమ్మిది సందర్భాల్లో డేటా దొరికింది. తొమ్మిదింటిలోనూ కనీసం ఒక తప్పు ఉన్నట్టు రుజువైంది, మూడింటికి భారీ సవరణలే అవసరమయ్యాయి. ఈ ఫలితాలు 2016లో ముందస్తు ప్రతిగా వచ్చి, తర్వాత 'సోషల్ సైకలాజికల్ అండ్ పర్సనాలిటీ సైన్స్' పత్రికలో అచ్చయ్యాయి.

పిజ్జా వ్యాసాలు

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష కొద్ది నెలల్లోనే ఎదురైంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ వాన్సింక్ ఆహారపు అలవాట్ల మీద పరిశోధించి ఎంతో పేరు తెచ్చుకున్నాడు. ఒక ఇటాలియన్ భోజనశాలలో పిజ్జా బఫే తిన్నవారి మీద సేకరించిన ఒకే డేటా నుంచి ఆయన బృందం నాలుగు వ్యాసాలు ప్రచురించింది. టిమ్ వాన్ డెర్ జీ, జోర్డన్ అనాయా, బ్రౌన్ ముగ్గురూ కలిసి ఆ నాలుగింటి పట్టికలను వరసపెట్టి పరిశీలించారు. చెప్పిన సంఖ్యలో మనుషులుంటే రాని సగటులు కనిపించాయి. ఒకే భోజనశాల డేటా అయినా ఒక వ్యాసంలోని మనుషుల లెక్క ఇంకో వ్యాసంతో కలవలేదు. మొత్తం 150 దాకా పొసగని అంకెలు ఉన్నాయని 2017 జనవరిలో ప్రకటించారు.

అసలు డేటా చూపాలని ఒత్తిడి పెరిగింది. ఆయన ఇతర వ్యాసాలూ పరిశీలనకు వచ్చాయి. 2018 సెప్టెంబరులో అమెరికన్ వైద్య సంఘం పత్రికలు ఒకేసారి ఆరు వ్యాసాలను ఉపసంహరించాయి. ఆ మర్నాడే, వాన్సింక్ పరిశోధనా దుష్ప్రవర్తనకు పాల్పడినట్టు తమ విచారణలో తేలిందనీ, ఆయన రాజీనామా చేశాడనీ విశ్వవిద్యాలయం వెల్లడించింది. గ్రిమ్ లెక్క ఇక్కడ తీర్పు చెప్పలేదు. డేటా అడగడానికి తగిన కారణం చూపింది, మిగతాది విచారణ తేల్చింది.

విచలనం దాకా

సగటు పక్కనే అచ్చయ్యే ప్రామాణిక విచలనానికీ ఇదే తర్కం వర్తిస్తుందని అనాయా 2016లోనే చూపి, దానికి గ్రిమ్మర్ అని పేరు పెట్టాడు. మార్కులు పూర్ణాంకాలైతే వాటి వర్గాల మొత్తమూ పూర్ణాంకమే. పైగా సరి సంఖ్య వర్గం సరి, బేసి సంఖ్య వర్గం బేసి కనుక, మార్కుల మొత్తం సరి అయితే వర్గాల మొత్తమూ సరి కావాలి.

22 మంది, సగటు 4.27, విచలనం 1.33 అనుకుందాం. ఆ సగటు 94 మార్కుల మొత్తం నుంచే వస్తుంది, అంటే సగటు నిజంగా సాధ్యమే. కానీ 1.33 విచలనం రావాలంటే వర్గాల మొత్తం 439 కావాలి, ఇంకేదీ కుదరదు. 94 సరి, 439 బేసి. కాబట్టి సగటు గట్టెక్కినా విచలనం చిక్కిపోయింది.

తప్పు దొరికితే అర్థమేమిటి

రైతుల ఉదాహరణనే మళ్లీ చూస్తే, 23 మందికి అసాధ్యమైన 4.27, 22 మందికి సాధ్యమైంది. అంటే ఒక రైతు ఆ ప్రశ్నకు జవాబివ్వకపోయి ఉండవచ్చు, నివేదిక రాసినవారు ఆ మాట చెప్పడం మరచి ఉండవచ్చు. అసాధ్యమైన సగటుకు మామూలుగా కనిపించే కారణాల్లో ఇది ఒకటి. టైపు చేయడంలో పొరపాటు, రెండు వరసలు తారుమారు కావడం కూడా ఇలాంటివే. మోసం అనే అనుమానం, ఈ కారణాలన్నీ అడిగి తెలుసుకున్నాకే పెట్టుకోవాలి.

పరీక్షించేవారూ పొరబడవచ్చు. ఒక్క ప్రశ్న కాకుండా నాలుగు ప్రశ్నల జవాబులను కలిపి ఒక్కో రైతుకు సగటు కట్టి ఉంటే, భాగించాల్సింది 23తో కాదు, 92తో. అప్పుడు 393ను 92తో భాగిస్తే చక్కగా 4.27 వస్తుంది. అలాగే 3.125 లాంటి సగటును కొందరు 3.12 అని, కొందరు 3.13 అని కుదిస్తారు. రెండింటినీ ఒప్పుకోవాలి. 4.30ని 4.3 అని రాస్తే ఒక దశాంశం పోయి, పరీక్ష పదును తగ్గుతుంది.

పనిచేయని చోట్లు

ఎత్తు, బరువు, రక్తంలో చక్కెర లాంటి కొలతలు పూర్ణాంకాలుగా ఉండవు కాబట్టి ఈ లెక్క వాటికి అతకదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే శాతాలకూ ఇది వర్తించదు. 2019–21 నాటి ఐదో సర్వేలో వడ్డాది ప్రాంతం అప్పటి విశాఖపట్నం జిల్లా పట్టికలోకే వచ్చింది. అందులోని శాతాలు నేరుగా తలలు లెక్కపెట్టి భాగించినవి కావు, ఒక్కో ఇంటికి ఒక్కో భారం ఇచ్చి కట్టినవి. భారం వేస్తే మొత్తం పూర్ణాంకంగా నిలవదు. నమూనా చిన్నదైనప్పుడు పాఠకుడిని హెచ్చరించే పనిని ఆ సర్వే తానే చేస్తుంది: 25 నుంచి 49 మంది మీద ఆధారపడిన శాతాన్ని కుండలీకరణాల్లో వేస్తుంది, 25 కన్నా తక్కువైతే శాతం బదులు నక్షత్రం గుర్తు పెడుతుంది.

కోవిడ్ కాలంలో ఈ తనిఖీలు మందుల పరిశోధనలోకీ వచ్చాయి. ఐవర్‌మెక్టిన్ అధ్యయనాల్లో కొన్నింటిలో అసాధ్యమైన అంకెలు ఉన్నాయని 2021లో బ్రౌన్, హెథర్స్, మరి ముగ్గురు 'నేచర్ మెడిసిన్'లో రాశారు. సగటుల పట్టికలను మాత్రమే పోగుచేసి మందు మీద నిర్ణయానికి రావడం మానాలనీ, ఒక్కో రోగి డేటా చేతికి అందాకే ఆ అధ్యయనాన్ని లెక్కలోకి తీసుకోవాలనీ వారు ప్రతిపాదించారు.