స్టెరాయిడ్ క్రీములు: మోచేతికి మందు, ముఖానికి ముప్పు

మోచేతిపై సోరియాసిస్‌కు వైద్యుడు రాసిన క్రీమునే ముఖం మీది మచ్చకూ, గజ్జల్లోని దురదకూ పూయడం చాలా ఇళ్లలో కనిపించే అలవాటు. మందు ఒకటే అయినా శరీరమంతటా చర్మం ఒకే తీరుగా ఉండదు.

అమెరికా పరిశోధకులు ఫెల్డ్‌మన్, మైబాక్ 1967లో హైడ్రోకార్టిసోన్‌ను వివిధ శరీర భాగాలపై పూసి, ఎంత మందు లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి చర్మం పీల్చుకున్నదాన్ని ఒక పాలు అనుకుంటే నుదురు సుమారు 6 పాళ్లు, దవడ 13 పాళ్లు, వృషణాల చర్మం 42 పాళ్లు పీల్చుకున్నాయి. మందమైన అరికాలు పీల్చుకున్నది ఒక పాలులో ఏడో వంతు మాత్రమే. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడతల్లో చర్మం చర్మానికి ఆనుకుని ఉంటుంది. అక్కడి వేడి, చెమట వల్ల పూసిన మందుపై కట్టు కట్టినట్టే అవుతుంది.

అందుకే ముఖానికి, మడతలకు సాధారణంగా 1 శాతం హైడ్రోకార్టిసోన్ వంటి తేలికపాటి మందును కొద్ది రోజులకే సూచిస్తారు. అరచేతులు, అరికాళ్ల వంటి మందమైన చర్మానికి తీవ్రమైనవి అవసరం కావచ్చు. ట్యూబుపై ఉండే శాతాన్ని బట్టి మాత్రం తీవ్రతను అంచనా వేయకూడదు. 0.05 శాతమే ఉన్న క్లోబెటసాల్, 1 శాతం హైడ్రోకార్టిసోన్ కంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది. పెద్దలకు సైతం దాన్ని సాధారణంగా రెండు వారాలకు మించి వరుసగా వాడనివ్వరు.

స్టెరాయిడ్ మంటను అణచడంతో పాటు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీని కూడా తగ్గిస్తుంది. క్రమంగా చర్మం పలచబడి ముడతలు పడుతుంది. సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. తొలిదశలో మందు ఆపితే చర్మం చాలావరకు కోలుకుంటుంది. సాగుడు చారలు పడితే మాత్రం అవి పూర్తిగా పోవు.

గజ్జల్లో తామర వచ్చిన వ్యక్తి దుకాణంలో అడిగి, క్లోబెటసాల్ కలిసిన మిశ్రమ క్రీము కొన్నాడనుకుందాం. రెండు మూడు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. ఫంగస్ మాత్రం చావదు. స్టెరాయిడ్ స్థానిక రోగనిరోధక స్పందనను అణచివేయడంతో అది తొడల వైపు పాకుతుంది. గుండ్రని అంచు చెదిరిపోవడంతో వైద్యుడికి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. క్రీము ఆపగానే దురద తిరగబెడుతుంది, దాంతో మళ్లీ అదే పూస్తాడు. కొన్ని నెలలకు తొడల లోపలి వైపు ఎర్రని చారలు తేలతాయి.

ముఖంపై ఇదే చక్రం మొటిమలు, ఎరుపు, మంట రూపంలో సాగుతుంది. రంగు తేలుతుందన్న ఆశతో ఇటువంటి క్రీములు పూసుకునేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. కనురెప్పలపై దీర్ఘకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదముంది.

పరిమాణానికీ ఒక కొలత ఉంది. పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది.

కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టెరాయిడ్ లేపనాలను వైద్యుడి చీటీపైనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. ఇప్పటికే నెలల తరబడి ముఖానికి వాడుతున్నవారు ఉన్నట్టుండి ఆపితే ఎరుపు, మంట ఎక్కువ కావచ్చు. ఎలా మానాలన్నది చర్మవైద్యుడి సలహాతోనే నిర్ణయించుకోవాలి.